టీవీ ఆపేసినా స్క్రీన్ ఖాళీ కావట్లేదు, ఎందుకు?

మా ఓటీటీ యాప్‌లో మాది ఒకేసారి 2 స్క్రీన్ల ప్లాన్. ఎన్ని ఫోన్లలో లాగిన్ అయ్యామన్నది కాదు, ఆ క్షణంలో ఎన్నిట్లో వీడియో నడుస్తోందన్నదే లెక్క. ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేసినా ఒక్క స్క్రీనే, వీడియో తెచ్చుకునేది టీవీయే కాబట్టి. అంతవరకు తెలుసు.

చిక్కల్లా హాల్లో టీవీకి పెట్టిన స్ట్రీమింగ్ స్టిక్‌తో. దానికి విడిగా అడాప్టర్ ఉంది. రిమోట్‌తో టీవీ ఒక్కటే ఆపితే స్టిక్‌లో సినిమా నడుస్తూనే ఉంటుంది, రెండో ఫోన్‌లో పరిమితి దాటిందని వస్తుంది. బ్యాక్ నొక్కి ప్లేయర్ మూసేస్తే ఆ గొడవ లేదు. కానీ స్విచ్ బోర్డు దగ్గరే స్టిక్‌కు కరెంటు తీసేసినా కాసేపు అదే మెసేజ్! చూడటం అయిపోయిందని యాప్ సర్వర్‌కు చెప్పలేకపోవడం వల్లేనా? పాజ్‌లో వదిలేసినా స్క్రీన్ కిందే లెక్కా? సెట్టింగుల్లోంచి స్టిక్ ఒక్కదాన్నే లాగౌట్ చేస్తే వెంటనే ఖాళీ అవుతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.