టీ స్టాల్ ఫ్రాంచైజీ వీడియోలో ఆదాయం లెక్క ఎలా చెప్పాలి?

ఫ్రాంచైజీ తీసుకునేవాళ్ల కోసం మా టీ స్టాల్ చైన్ వీడియోకి స్క్రిప్టు రాస్తున్నాం. తిరిగిరాని ఫీజు, తిరిగొచ్చే డిపాజిట్ విడివిడిగా చెప్పాం. శిక్షణ, టీపొడి సరఫరా మావే.

చిక్కంతా ఆదాయం దగ్గరే. ఉదాహరణకు 100 కప్పులు అమ్మితే సరుకు, గ్యాస్, పేపర్ కప్పులకే 45 కప్పుల డబ్బు పోతుంది, రాయల్టీకి 5. మిగిలేది 50. అద్దె, జీతాలు, కరెంటు కలిపి రోజుకు 150 కప్పుల డబ్బనుకుంటే, 300 దాటాకే లాభం. 200 అమ్మిన రోజు 50 కప్పుల నష్టం, అయినా రాయల్టీ కట్టాల్సిందే, అది అమ్మకం మీద కాబట్టి. యజమానే కౌంటర్లో నిలబడితే ఆ జీతమూ ఖర్చులో వేయాలి, లేకపోతే లాభం ఉత్తుత్తిదే.

నష్టం వచ్చే రోజు లెక్క కూడా వీడియోలోనే చూపించాలా, ముఖాముఖి మాట్లాడేటప్పుడు చెప్పాలా? ఇలాంటి స్క్రిప్టులు రాసినవాళ్లు చెప్పండి.