కోతిని పానాగా వాడే పజిల్ కాకుండా ఇంకో పాత అడ్వెంచర్ గేమ్ చెప్పండి

లాప్‌టాప్‌లో స్కమ్‌వీఎం పెట్టుకుని పాత పాయింట్ అండ్ క్లిక్ గేమ్స్ ఆడుతున్నాను. మంకీ ఐలాండ్ 2 (1991)లో ఫ్యాట్ ఐలాండ్ జలపాతం దగ్గర పంపు తిప్పాలి, దానికి నా సంచిలో ఉన్న ప్రతి వస్తువూ వాడి చూశాను, రెండు వారాలు అక్కడే ఆగిపోయాను. చివరికి జవాబు చూస్తే, బార్‌లో పియానో వాయించే కోతిని మెట్రోనోమ్ మీద అరటిపండు పెట్టి మైమరపించి, ఎత్తుకొచ్చి పంపుకి పెట్టాలంట! ఇంగ్లీషులో ఒకరకం పానాని మంకీ రెంచ్ అంటారు, అదీ జోకు. మా వరంగల్‌లో ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా అది పానానే, నాకెట్లా తడుతుంది?

తర్వాత కింగ్స్ క్వెస్ట్ 5 మొదలుపెట్టాను. కొండల్లో ఆకలేస్తే సంచిలో ఉన్న పై అనే తినుబండారం తినేశాను, తీరా అది ముందు యెటీ అనే మంచుమనిషి మీద విసరాల్సిందట. పాత సేవ్ కూడా లేదు, మళ్లీ మొదటినుంచే.

డే ఆఫ్ ది టెంటకిల్ (1993) మాత్రం ఒక్క హింట్ లేకుండా పూర్తిచేశాను, మాటలకు పడీపడీ నవ్వాను. ఓపికకు కొదవ లేదు. వస్తువులు కలిపే పజిల్స్, చమత్కారమైన సంభాషణలు ఉండి, ఇంగ్లీషు పదాల ఆట మీద ఆధారపడకుండా, మధ్యలో దారి మూసుకుపోకుండా ఉండే గేమ్ తర్వాత ఏది ఆడమంటారు?