ఒక చెవిలో శబ్దం రాని ఇయర్‌బడ్స్: ఫోటోలో కనపడని లోపానికి రీఫండ్ ఎలా అడగాలి?

మధు_వి
కొత్త ఇయర్‌బడ్స్ వచ్చి నాలుగు రోజులైంది. ఎడమది మొదటి రోజు నుంచీ మూగగానే ఉంది. ఛార్జ్ అవుతోంది, ఫోన్‌కి కనెక్ట్ అవుతోంది, శబ్దం మాత్రం రాదు. యాప్‌లో రిటర్న్ పెడితే ఫోటోలు అడిగారు. ఆర్డర్ నంబర్ రాసి నాలుగు ఫోటోలు పంపాను. రెండు గంటల్లో జవాబు వచ్చింది: "ఫోటోల్లో డ్యామేజ్ కనిపించలేదు, రిక్వెస్ట్ క్లోజ్ చేశాం." రిటర్న్ గడువు ఇంకా మూడు రోజులే. శబ్దం రాకపోవడాన్ని ఫోటో ఎలా తీస్తారు? నేను పంపిన ఫోటోలు ఇక్కడ పెడుతున్నాను, ఏం తప్పు చేశానో చూడండి.

పద్మజ
మధు గారూ, ముందు ఆ మూడో ఫోటో తీసేయండి. పార్సిల్ లేబుల్ మీద మీ పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, ఆర్డర్ నంబర్ అన్నీ చదవడానికి వస్తున్నాయి. నేను కూడా ఒకసారి కోపంలో ఇలాగే అందరికీ కనపడేలా పెట్టాను. గంటలోపే ఫోన్ వచ్చింది. నా ఆర్డర్ నంబర్, ఏం కొన్నానో అన్నీ కరెక్ట్‌గా చెప్పాడు. రీఫండ్ కోసం ఒక యాప్ వేసుకోమన్నాడు. ఆర్డర్ వివరాలన్నీ చెబుతున్నాడు కదా అని నమ్మేశాను. చివర్లో ఓటీపీ అడిగేసరికి మా అబ్బాయి ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

మధు_వి
తీసేశాను అక్కా. థాంక్స్. అస్సలు గమనించలేదు.

సూరి2009
అన్‌బాక్సింగ్ వీడియో ఉందా? లేకపోతే వదిలేసుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయకపోతే ఏ స్టోరూ పైసా ఇవ్వదు. నేను ప్రతి పార్సిల్‌కీ తీస్తాను, ఇప్పటిదాకా ఒక్క రీఫండ్ కూడా ఆగలేదు.

హరిణి
నాకూ ఇదే అయింది. డ్రెస్ రెండు సైజులు పెద్దది వచ్చింది, టేప్ పెట్టి కొలిచి ఫోటో పంపితే మార్చి ఇచ్చారు. మీరూ టేప్ పెట్టి తీయండి, బాగా పని చేస్తుంది.

మధు_వి
హరిణి గారూ, నాది సైజు సమస్య కాదండీ, శబ్దం రావడం లేదు.
సూరి గారూ, వీడియో తీయలేదు. ఇంట్లో రోజూ ఏదో ఒక పార్సిల్ వస్తుంది, ప్రతిదానికీ కెమెరా పట్టుకుని ఎవరు కూర్చుంటారు?

టికెట్_డెస్క్
ఇలాంటి టికెట్లు ఆరేళ్లు చూశాను. అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే అంతా పోయినట్టే అన్నది తప్పు. పెట్టెలో వస్తువు లేదు, వేరే వస్తువు వచ్చింది, పగిలి వచ్చింది అన్నప్పుడు ఆ వీడియో ప్రాణం. పని చేయడం లేదు అన్నప్పుడు దానితో పెద్దగా పనిలేదు. పార్సిల్ విప్పుతున్న వీడియోలో ఎడమ చెవిలో శబ్దం రాలేదని ఎలా తెలుస్తుంది?
మధు గారూ, ఒకటి చెప్పండి. రిటర్న్ పెట్టినప్పుడు కారణం దగ్గర ఏది ఎంచుకున్నారు?

సూరి2009
ఆరేళ్లు చూశానని ఎవరైనా రాయొచ్చు. వీడియో లేదని నా ఫ్రెండ్‌కి మొహం మీదే రిజెక్ట్ చేశారు. నేను కళ్లారా చూసింది చెబుతున్నాను.

టికెట్_డెస్క్
మీ ఫ్రెండ్‌ది ఏ వస్తువు? ఏ కారణం పెట్టారు?

సూరి2009
మొబైల్. స్క్రీన్ పగిలి వచ్చింది.

టికెట్_డెస్క్
నేను చెప్పింది అదే కదండీ. పగుళ్లు కొరియర్‌లో వచ్చాయా, ఇంట్లో పడేస్తే వచ్చాయా అన్నది అక్కడ ప్రశ్న. ఇక్కడ ఆ ప్రశ్నే లేదు.

సూరి2009
ఏదైనా సరే, వీడియో ఉంటే నష్టం లేదు. జాగ్రత్త చెప్పిన మనిషిని తప్పు పట్టడం ఏం పద్ధతి?

మధు_వి
ఇద్దరూ కాస్త ఆగండి. కారణం దగ్గర "డ్యామేజ్ అయిన వస్తువు" అని పెట్టాను. పాడైపోయింది కాబట్టి అదే కదా పెట్టాలి?

టికెట్_డెస్క్
అక్కడే మెలిక పడింది. "డ్యామేజ్" అని పెడితే టికెట్ ఫోటోలు చూసేవాళ్ల దగ్గరికి వెళ్తుంది. వాళ్లు వెతికేది పగుళ్లు, గీతలు, నలిగిన పెట్టె. మీ ఫోటోల్లో వస్తువు కొత్తగా మెరుస్తోంది. వాళ్ల వైపు నుంచి చూస్తే వాళ్లు రాసింది అబద్ధం కాదు, డ్యామేజ్ లేదు. మీరు పెట్టాల్సింది "పని చేయడం లేదు" లేదా "లోపం ఉంది" అన్నది. అది వేరే జట్టుకు వెళ్తుంది. వాళ్లు రీసెట్ చేశారా, వేరే ఫోన్‌తో చూశారా అని అడుగుతారు, వీడియో తీసుకుంటారు. స్టోర్‌ని బట్టి ఆ మాటలు కొద్దిగా మారతాయి, తేడా మాత్రం ఇదే.
ఇంకో కొత్త రిక్వెస్ట్ పెట్టకండి. ఒకే ఆర్డర్ మీద రెండు కారణాలతో రెండు రిక్వెస్టులు ఉంటే అనుమానంగా చూస్తారు. పాత టికెట్ నంబర్ కిందే జవాబు రాసి, కారణం తప్పుగా ఎంచుకున్నాను, మార్చండి అని అడగండి. గడువు లోపల రాసినట్టు తేదీతో సహా రికార్డు ఉండాలి, కాబట్టి ఇవాళే రాయండి. ఫోన్‌లో మాట్లాడి ఊరుకోవద్దు.

వెంకట్_ఆడియో
రీఫండ్ సంగతి తర్వాత, ముందు మీ ఫోన్ చూసుకోండి. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఎడమ-కుడి బ్యాలెన్స్ స్లైడర్ ఉంటుంది. అది ఒక పక్కకు జరిగి ఉంటే రెండో చెవి మూగబోతుంది. నూటికి తొంభై కేసులు ఇవే. జనం ఊరికే స్టోర్‌ని తిడతారు.

మధు_వి
స్లైడర్ మధ్యలోనే ఉంది. నా పాత హెడ్‌ఫోన్స్ ఇదే ఫోన్‌లో రెండు చెవుల్లోనూ బాగా వినిపిస్తున్నాయి. మా చెల్లి ఫోన్‌తోనూ చూశాను, ఎడమది అక్కడా మూగే. రెండుసార్లు రీసెట్ కూడా చేశాను. నూటికి తొంభై అని లెక్కలు చెప్పి నన్ను అబద్ధాలకోరుని చేయకండి.

వెంకట్_ఆడియో
అలా అనలేదు బ్రదర్. చూసుకోమన్నానంతే.

టికెట్_డెస్క్
వెంకట్ గారి లెక్క సంగతి నాకు తెలియదు కానీ అడిగింది మంచి ప్రశ్న. స్టోర్ వాళ్ల మొదటి ప్రశ్న అదే. మధు గారూ, ఇప్పుడు మీరు ఇక్కడ రాసిన నాలుగు వాక్యాలే వాళ్లకూ రాయండి. వాళ్లు అడిగేలోపే చెప్పేస్తే రెండు రోజులు మిగులుతాయి.
ఇక వీడియో. ఒకే టేక్‌లో తీయాలి, మధ్యలో కట్ ఉండకూడదు. కట్ ఉంటే అక్కడ వస్తువు మార్చేశారేమో అంటారు. ముందు ఇన్‌వాయిస్ మీద ఆర్డర్ నంబర్, తర్వాత పెట్టె మీద సీరియల్ నంబర్, తర్వాత కేస్ మీద అదే నంబర్ చూపించండి. రెండు బడ్సూ బయటికి తీయండి. ఒకటి కేస్‌లోనే ఉంటే చాలా మోడల్స్‌లో రెండోదానికి రెండు పక్కల శబ్దమూ కలిపి పంపేస్తాయి, అప్పుడు పరీక్ష నిలబడదు. పాట పెట్టి వాల్యూమ్ పూర్తిగా పెంచండి. వీడియో తీస్తున్న ఫోన్ మైక్ దగ్గర కుడి బడ్ పెడితే సన్నగా పాట రికార్డ్ అవుతుంది. అదే చోట ఎడమది పెట్టండి, ఏమీ రాదు. మళ్లీ కుడిది పెట్టండి. నలభై సెకన్లు కూడా పట్టదు. మీ చెవి వినే తేడా వాళ్లకూ వినపడుతుంది.

మధు_వి
ఇప్పుడే తీశాను, కుడిదాంట్లోనూ శబ్దం రాలేదు! చెవిలో పెట్టుకుంటే వస్తోంది. టెన్షన్‌గా ఉంది, ఇది కూడా పోయిందా?

వెంకట్_ఆడియో
పోలేదు. చెవిలోంచి తీయగానే పాట ఆపేసే సెన్సర్ ఉంది మీదాంట్లో. కంపెనీ యాప్‌లోకి వెళ్లి ఆ సెట్టింగ్ ఆఫ్ చేసి మళ్లీ తీయండి. ఆ మొదటి వీడియో మాత్రం పంపకండి, చూసినవాళ్లు రెండూ పని చేయట్లేదు అనుకుంటారు, మీరు రాసిందానికి పొంతన ఉండదు.

మధు_వి
ఆఫ్ చేశాను, ఇప్పుడు తేడా స్పష్టంగా రికార్డ్ అయింది. చాలా థాంక్స్ అన్నా. కేస్ మూత లోపల సీరియల్ నంబర్ మాత్రం చదవడానికి రావట్లేదు. నలుపు మీద బూడిద రంగు అక్షరాలు, ఆవగింజంత ఉన్నాయి.

పద్మజ
ఫ్లాష్ ఆపేసి కిటికీ పక్కన తీయండి. కెమెరాని మరీ దగ్గరికి తీసుకెళ్తే మసకబారుతుంది. కాస్త దూరంగా పట్టుకుని జూమ్ చేయండి. కేస్‌ని కొంచెం వంచితే ఒక కోణంలో అక్షరాలు తేలతాయి.

కిరణ్_బి
ఇంత శ్రమ ఎందుకు? బ్యాంకుకి ఫోన్ చేసి ఛార్జ్‌బ్యాక్ వేయండి, అంటే కార్డుతో కట్టిన డబ్బు బ్యాంకు ద్వారానే వెనక్కి అడగండి. స్టోర్ కాళ్లు పట్టుకోనక్కర్లేదు. నేను రెండుసార్లు వేశాను, రెండుసార్లూ డబ్బు వచ్చింది.

టికెట్_డెస్క్
కార్డుతో కట్టి ఉంటే ఆ దారి ఉంది. కానీ ముందు స్టోర్‌ని అడిగారా, వాళ్లు ఏమన్నారు అని బ్యాంకు కూడా అడుగుతుంది. టికెట్ నడుస్తుండగా వేస్తే స్టోర్ తన పక్కన రీఫండ్ ఆపేసి బ్యాంకు తేల్చేదాకా కూర్చుంటుంది. అకౌంట్ బ్లాక్ చేసే స్టోర్లు కూడా ఉన్నాయి.

కిరణ్_బి
బ్లాక్ చేస్తారని భయపడి నష్టపోవాలా? మీలాంటివాళ్లు స్టోర్ పక్షాన మాట్లాడబట్టే వాళ్లకు ఇంత ధైర్యం.

టికెట్_డెస్క్
వద్దనలేదు, ఆఖరున వేయమన్నాను. స్టోర్ కాదని రాతపూర్వకంగా చెప్పాక వేస్తే అదే కాగితం మీకు సాక్ష్యం.

కిరణ్_బి
నేను మాత్రం మొదటి రోజే వేస్తాను. ఎవరి అనుభవం వాళ్లది.

మధు_వి
ఇది పంపుతున్నాను, ఎక్కువైందా చెప్పండి:
"నా పాత టికెట్‌లో కారణం పొరపాటున డ్యామేజ్ అని ఎంచుకున్నాను. దయచేసి పని చేయడం లేదు అని మార్చండి. డెలివరీ అయిన రోజు నుంచే ఎడమ ఇయర్‌బడ్‌లో శబ్దం లేదు. రెండు ఫోన్లతో చూశాను, రెండుసార్లు రీసెట్ చేశాను, ఫోన్‌లో బ్యాలెన్స్ మధ్యలో ఉంది. ఆర్డర్ నంబర్, సీరియల్ నంబర్, లోపం కనపడే వీడియో, ఇన్‌వాయిస్ జతచేశాను. నాకు మార్పిడి వద్దు, డబ్బు కట్టిన కార్డుకే రీఫండ్ కావాలి."

పద్మజ
బాగుంది. చివరి వాక్యం అస్సలు తీసేయకండి. నేను అది రాయనందుకు డబ్బు వాళ్ల వాలెట్‌లో వేశారు, దాన్ని బయటికి తీయడం కుదరలేదు.

సూరి2009
ఆర్డర్ నంబర్, సీరియల్ నంబర్ అక్షరాల్లో కూడా టైప్ చేయండి. ఫోటోలో ఉన్నాయి కదా అని వదిలేస్తే ఎవరూ జూమ్ చేసి చూడరు.

టికెట్_డెస్క్
ఇది మాత్రం సూరి గారు నూరు శాతం కరెక్ట్. టికెట్ వెతికేది ఆ నంబర్లతోనే.

మధు_వి
రెండో రోజు అప్‌డేట్. టికెట్ మళ్లీ తెరిచారు, వీడియో సరిపోయిందన్నారు. వస్తువు తీసుకెళ్లడానికి రేపు మనిషి వస్తాడట. వస్తువు వాళ్లకు చేరి చెక్ చేశాకే డబ్బు అంటున్నారు. ఇచ్చేటప్పుడు ఏమైనా చూసుకోవాలా?

పద్మజ
ప్యాక్ చేసేముందు ఇంకోసారి సీరియల్ నంబర్‌తో ఫోటో తీయండి. తీసుకెళ్లే అతని దగ్గర రసీదు గానీ మెసేజ్ గానీ రానిదే పెట్టె చేతికివ్వకండి. మీ ఫోన్‌లో బ్లూటూత్ నుంచి కూడా తీసేయండి, కంపెనీ యాప్‌లో లింక్ చేసి ఉంటే అదీ.

టికెట్_డెస్క్
రీఫండ్ వేశాం అని వాళ్లు చెప్పాక కూడా కార్డులో కనపడకపోతే ఏఆర్ఎన్ నంబర్, అంటే ఆ కార్డు రీఫండ్‌ని గుర్తించే నంబర్ అడగండి. మామూలుగా 23 అంకెలు ఉంటుంది. అది బ్యాంకుకి ఇస్తే డబ్బు ఎక్కడ ఆగిందో వెతుకుతారు.

హరిణి
నా డ్రెస్ మళ్లీ అదే సైజు వచ్చింది. ఇది కూడా "పని చేయడం లేదు" కిందకే వస్తుందా?