ఉగాది పద్యంలో ఆరు రుచులూ పట్టడం లేదు, కాస్త చూడండబ్బా

కావలి నుంచి: ఈసారి చుట్టాలకి రెడీమేడ్ ఫొటో కాకుండా సొంతంగా ఆటవెలది పంపుదామని రాశా, ఎక్కడో కుంటుతోంది.

తీపి మాటలోన తేనెలై యూరగ
పులుపు పనులలోన అందమీయ
చేదు నోర్చు గుండె చెదరక నిలువగ
ఉప్పు కార వగరు లొప్పుగాక

ఒంగోలు తమ్ముడు: అన్నా రెండో అక్షరం ప్రాస కుదర్లేదు, తీపిలో పి, పులుపులో లు, అదే కుంటు.

ఉదయగిరి మాస్టారు: ప్రాస రూలు ఆటవెలదికి లేదు నాయనా, అది కందానికీ వృత్తాలకీ. కుంటు రెండో పాదంలోనే ఉంది గానీ అది యతి. పులుపు, పనుల, లోన, అంద, మీయ అని ఐదు సూర్యగణాలూ సరిపోయినయ్, కాకపోతే నాలుగో గణం మొదట్లో ‘పు’కి జత కుదిరే అక్షరం రావాల, ‘అ’ వచ్చింది. ‘పొలుపు నీయ’ అను, గణాలూ చెడవు, యతీ పడుద్ది. నాకు నచ్చంది నాలుగో పాదం. ముందు మూడు రుచులకీ తలా ఒక కోరిక ఇచ్చి మిగతా మూడింటినీ ఒకే సంచిలో కుక్కేశావు, ఉప్పుతో ఏం కావాలనుకుంటున్నావో చెప్పనే లేదు.

గూడూరు అక్క: మా ఇంట్లో అయితే పచ్చడిలో అరటిపండు, వేయించిన శనగపప్పు కూడా వేస్తాం, అవి కూడా పద్యంలో పెట్టాలా?

ఒంగోలు తమ్ముడు: అక్కా ఇక్కడ పద్యం గురించి 😀 అయినా మామిడికాయ పులుపే కదా, చింతపండూ పులుపే, ఇంక వగరు ఎక్కడిది?

మాస్టారు: ముదురు కాయ వేస్తే పులుపే. టెంక కట్టని పిందెని తొక్కతో సహా సన్నగా తరిగి వెయ్, కొరగ్గానే నాలిక పట్టేసినట్టు ఉంటది, అదీ వగరు. కావలాయనా, ఇంకో ఆటవెలది కలుపు:

ఉప్పు వోలె కరిగి యొకరిలో నొకరమై
కారమున్న మాట కట్టిపెట్టి
వగరు పిందె పండువరకును నోర్పుతో
సాగుగాక యేడు సౌఖ్యమెసగ

కావలి: అబ్బ, వగరుకి ఓర్పు బాగా కుదిరింది మాస్టారూ! మొదటి పద్యం చివర మాత్రం ఆ మూడు పేర్లూ తీసెయ్యాలి, లేకపోతే రెండుసార్లు చెప్పినట్టవుద్ది.

మాస్టారు: అవును, ‘ఉల్లమందు శాంతి యుండుగాక’ అను, ‘ఉ’కి ‘యు’తో యతి చెల్లుద్ది.

ఒంగోలు తమ్ముడు: కారం కట్టిపెట్టడం నేనొప్పుకోను, మా వైపు కారమంటే పౌరుషం, పౌరుషం లేకుండా ఏడాదంతా ఎట్టా?

గూడూరు అక్క: నాదొక డౌటు. పచ్చడిలోకి కోసేసిన పిందె ఇంకెప్పుడు పండుద్ది మాస్టారూ?

మాస్టారు: కొయ్యంది చెట్టు మీద ఉంటది గదమ్మా.

గూడూరు అక్క: పద్యంలో ఆ మాట లేదుగా!