‘జీలుగు కింద’: ఏ జీలుగు, ఏ సీమ?

పర్లాకిమిడి నుంచి:
ఒక పాత నలుపు తెలుపు ఫొటో వెనక పెన్సిలుతో రెండే ముక్కలున్నాయి: “జీలుగు కింద. గుగ్గిలం పూత.” ఊరు లేదు, ఏడు లేదు. ముందువైపు నలుగురు మనుషులు ఒక చెట్టు మొదట్లో నిలబడి ఉన్నారు. చెట్టు పొడుగ్గా ఉంది, కొమ్మల్లేవు, పైన మట్టలున్నాయి. మట్టల కింద గుర్రం తోకల్లాంటివి రెండు వేలాడుతున్నాయి. పక్కన వెదురు, వెనక కొండవాలు మీద తెల్లగా పూసిన చెట్లు. నేల మీద ఎండుటాకులు. ఇక్కడ ‘జీలుగు’ అంటే ఏది? మాటనీ చెట్లనీ బట్టి ఇది దేశంలో ఏ ప్రాంతమో చెప్పగలమా?

రాయగడ నుంచి:
జీలుగ అంటే పచ్చిరొట్ట పైరు కదండీ. ఎకరాకు 10 నుంచి 12 కిలోల విత్తనం చల్లి, పూత మొదలవుతుండగా, అంటే 45, 50 రోజులకి, దమ్ములో కలియదున్నుతాం. ఈసారి మా మడిలో ఆలస్యమై కాండం నారతేలిపోయింది, నాట్ల నాటికి కుళ్లలేదు. దీనికేం చెయ్యాలో ఎవరైనా చెప్తారా? ఫొటోలో చెట్టంటున్నారు గానీ జీలుగ మనిషెత్తు దాటితే గొప్ప.

బరంపురం నుంచి:
బాబూ, మీ మడి సంగతి వేరు, ఇక్కడి జీలుగు వేరు. తెలుగులో ఈ మాట కనీసం మూడు మొక్కలకుంది. ఒకటి మీరు చెప్పిన పచ్చిరొట్ట. రెండోది చెరువుల్లో పెరిగే నీటి జీలుగు. పెళ్లి బాసికాలకీ గాలపు తేలుబెండుకీ వాడే జీలుగుబెండు దాన్నుంచే వస్తుంది, ఒడియావాళ్లు దాన్ని సొల అంటారు. మూడోది కొండల్లో కల్లు గీసే జీలుగు చెట్టు, ఒడియాలో సలప, బస్తరులో సల్ఫీ. ‘కింద’ అన్నాడు కాబట్టి నలుగురు నిలబడేంత నీడ ఉండాలి. మొదటి రెండూ పోయాయి, మిగిలింది సలప. మాటవరకూ నాకు సందేహం లేదు. చెట్టు చూసి చెప్పడం జయపురం మాస్టారి పని.

రాయగడ నుంచి:
అలాగా అండీ. నేను పైరే అనుకున్నాను.

జయపురం నుంచి:
మాట సరే, చెట్టుతో సరిచూద్దాం. తాటి ఆకు విసనకర్రలా ఉంటుంది. ఈత, కొబ్బరి, పోక, ఈ మూడింటికీ మట్ట ఒకసారే చీలుతుంది, నడిమి ఈనెకి రెండువైపులా ఆకులు. జీలుగు మట్ట రెండుసార్లు చీలుతుంది: పెద్ద మట్టకి పక్కమట్టలు, పక్కమట్టలకి ఆకులు. ఆ ఆకు చివర కోసినట్టు చిరిగి చేపతోకలా ఉంటుంది. మన దేశంలో పెరిగే తాటి కుటుంబపు చెట్లలో ఈ పోలిక ఒక్క జీలుగు జాతికే ఉంది. ఫొటో మసకైనా భూతద్దం పెట్టి మట్ట అంచు చూడండి. ఈతైతే సన్నటి సూదులు కనిపిస్తాయి. జీలుగైతే ముక్కలు ముక్కలుగా చిరిగిన గుడ్డలా ఉంటుంది.

గుర్రం తోకలన్నవి పూగెలలు. వాటిలో ఏది పైన ఉంది, ఏది ముదిరింది, చూసి చెప్పండి.

పర్లాకిమిడి నుంచి:
చూశాను మాస్టారూ. ఆకులు చిరుగుల్లాగే ఉన్నాయి. పై గెలకి గుండ్రటి కాయలున్నాయి. కింది గెల సన్నగా, దారాల్లా ఉంది. దాని చివర చిన్న కుండ కట్టినట్టుంది.

జయపురం నుంచి:
అయితే జీలుగే. ఈ చెట్టు పై నుంచి కిందికి పూస్తుంది. మొదటి గెల తల దగ్గర వస్తుంది, ఆ తర్వాతవి ఒక్కొక్కటే కింది కణుపుల్లో. చివరిది మొదలు వైపు పూసి కాయడం అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. పైన కాయ, కింద పూత ఉందంటే పూయడం ఎప్పుడో మొదలైందని. ఆ కాయలు మాత్రం ఒట్టి చేత్తో చిదిమితే దురద విడవదు, గుజ్జులో సూదుల్లాంటి పలుకులుంటాయి.

ఇక ప్రాంతం. జీలుగు ఒక్కదాన్నిబట్టి చెప్పలేం. మన తూర్పు కనుమల్లో ఉంది. పడమటి కనుమల్లోనూ ఉంది, కన్నడంవాళ్లు బైనె అంటారు, కొంకణంలో భేర్లీ మాడ్. అస్సాం, మేఘాలయ వైపూ ఉంది. మూడు చోట్లూ తడి ఉన్న కొండవాలులే. కాబట్టి జీలుగు మనకి మూడు సీమలు మిగిల్చింది, మిగతా దేశాన్ని తీసేసింది. ఒక జాగ్రత్త: ఊళ్లోనో తోటలోనో నాటిన జీలుగైతే ఈ లెక్క పనికిరాదు. అందం కోసం బెంగళూరులోనూ నాటుతారు. వెనక అడవి ఉంది కాబట్టే దీన్ని లెక్కలోకి తీసుకుంటున్నా.

సిరొంచ నుంచి:
మా దిక్కు తాడి, ఈత బాగా ఉంటయి, అడివి అంటే టేకు. వెనక తెల్లగ పూసింది టేకే ఎందుకు కాకూడదు? టేకు పువ్వు గూడ తెల్లగనే ఉంటది, చెట్టు కొనకు గుత్తులుగ.

జయపురం నుంచి:
మంచి ప్రశ్న అన్నా. టేకు వానల్లో పూస్తుంది, అప్పుడు ఆకు నిండుగా ఉండి నేల పచ్చగా ఉంటుంది. ఫొటోలో నేల నిండా ఎండుటాకులు. ఫాల్గుణ చైత్రాల్లో టేకు మోడుగా ఉంటుంది, పూత ఉండదు. ఆ రోజుల్లో కొత్త చిగురుతో పాటు కొండంతా పాలిపోయినట్టు పూసేది సాళ. ఉత్తరాంధ్ర తెలుగులో దాన్నే గుగ్గిలం చెట్టు అంటారు, ధూపం వేసే గుగ్గిలం దాని బంకే. రాసినవాడు ‘గుగ్గిలం పూత’ అనడానికీ, నేల ఎండి ఉండడానికీ పొత్తు కుదిరింది.

సాళ రావడంతో పడమటి కనుమలు పోయాయి. అక్కడ సహజంగా సాళ అడవి లేదు. మన వైపు కోరాపుట్, గజపతి, శ్రీకాకుళం కొండల దాకా ఉండి దక్షిణానికి పోయేకొద్దీ పలచబడిపోతుంది. ఇక మిగిలినవి రెండు: మన కొండలు, ఈశాన్యం. ఈశాన్యాన్ని కొట్టెయ్యలేం. గారో కొండల్లో సాళా ఉంది, జీలుగూ ఉంది.

గునుపురం నుంచి:
రాసింది తెలుగులో కదా! తెలుగువాడు గారో కొండల్లో ఏం చేస్తాడు? భాషే ప్రాంతం చెప్తోంది. పైగా వెదురు చూడండి, గట్టి వెదురైతే మనది. బోలు వెదురు ఇంకో జాతి.

బరంపురం నుంచి:
భాష మీద అంత నమ్మకం వద్దు తమ్ముడూ. గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూలికి అస్సాం తేయాకు తోటలకి వెళ్లిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లు అక్కడి చెట్టుకి ఇక్కడి పేరే పెట్టుకుని ఉంటారు. ‘జీలుగు’ అన్న మాట రాసినవాడి ఊరు చెప్తుంది, ఫొటో తీసిన ఊరు కాదు. అందుకే చెట్టు కావాలి.

జయపురం నుంచి:
వెదురు విషయంలో సగం నిజం చెప్పావు. మన సన్న వెదురు, ఒడియాలో సలియా, మెట్ట కొండ మీద దాదాపు గట్టిగా ఉంటుంది, గెడలకీ కర్రలకీ అదే. కానీ అదే జాతి వాగు పక్కన, తడి నేలలో పెరిగితే లోపల బోలుగా ఉంటుంది. కాబట్టి గట్టితనాన్నిబట్టి జాతి తేలదు, నేల తేలుతుంది. పైగా ఫొటోలో గెడ కోసి చూడలేం కదా.

చూడాల్సినవి రెండు. ఒకటి, ముళ్లు. పెద్ద ముళ్ల వెదురైతే కణుపుల దగ్గర వంకర ముళ్లు, అడుగున మనిషెత్తు దాకా ముళ్లకొమ్మలు అల్లుకుని పొదలోకి చెయ్యి దూరదు. సన్న వెదురుకి ముళ్లుండవు. రెండోది, ఈశాన్యాన్ని విడదీసేది: గెడలు ఎలా లేచాయి? మన రెండు జాతులూ ఒకే కుదురు నుంచి గుంపుగా లేస్తాయి. మిజోరం, త్రిపుర, మేఘాలయ కొండల్లో ఎక్కువగా కనిపించే ముళీ వెదురు అలా కాదు. దాని దుంప నేలలో పొడుగ్గా పాకి దూరదూరంగా గెడల్ని లేపుతుంది, గెడలు విడివిడిగా నిలబడి మధ్యలో మనిషి నడిచేంత సందు ఉంటుంది. నరికిన పొద ఎంత పలచగా ఉన్నా కుదురు ఒకటే. ముళీకి కుదురే ఉండదు.

పర్లాకిమిడి నుంచి:
గుంపే మాస్టారూ. పది పన్నెండు గెడలు ఒకే చోట నుంచి లేచి పైన విల్లులా వంగాయి. అడుగున ముళ్లకంప లేదు, గెడల మధ్య వెలుతురు కనిపిస్తోంది. గెడ మందం మనిషి మణికట్టు కంటే తక్కువ. ఇంకోటి: జీలుగు చెట్టుకి ఒక గెడ నిలువునా కట్టి ఉంది, కణుపుల దగ్గర కొమ్మ మొదళ్లు వదిలేశారు.

సిరొంచ నుంచి:
అది ఎక్కేటందుకు నిచ్చెన. మా దిక్కు ముళ్లున్న పెద్దదాన్ని కటాంగ్ అంటరు, సన్నదాన్ని మానవేల్ అంటరు. ఈ పోలికలు మానవేల్‌వే.

జయపురం నుంచి:
అన్న చెప్పింది సరే. మానవేల్, సలియా, మన సన్న వెదురు అన్నీ ఒకటే. కుదురుగా లేచిన, ముళ్లు లేని, మణికట్టు లోపు గెడ కాబట్టి ముళీ పోయింది. ఈశాన్యంలో గుంపుగా లేచే వెదుళ్లు వేరే జాతులూ ఉన్నాయి, కానీ అవి సాధారణంగా ఇంతకంటే లావు. జీలుగు, సాళ, సన్న వెదురు మూడూ ఒకే కొండవాలు మీద అంటే నా ఎంపిక కోరాపుట్ నుంచి గజపతి దాకా ఉన్న కొండలు, వాటిని ఆనుకున్న శ్రీకాకుళం, పార్వతీపురం అంచు. మూడింట్లో ఏ ఒక్కటి విడిగా ఉన్నా ఈ మాట అనను. గెడల మందం మనిషితో పోల్చి చెప్పిందే గనక ఆ ముక్క కొంచెం బలహీనం.

గునుపురం నుంచి:
ఇంకో అనుమానం మాస్టారూ. కడప, చిత్తూరు శేషాచలం వైపు తంబజాలారి చెట్టు బంకనీ గుగ్గిలమే అంటారట. రాసినవాడు అటువాడైతే?

జయపురం నుంచి:
నిజమే, అదీ సాళ బంధువే. వెనక చెట్లు దూరం, ఆకు కనిపించదు, కాబట్టి ఫొటోతో అది తీరదు. శేషాచలం కొండలు మెట్టవి, జీలుగుకి కావలసిన తడి తక్కువ. కల్లు కుండతో సహా అడవిలో జీలుగు కనిపించడం అక్కడ మామూలు విషయం కాదు. అందుకే నాకు ఉత్తరమే సబబు. కొట్టెయ్యమంటే మాత్రం కొట్టెయ్యలేను. వెనక చెట్టుని పెద్దది చేసి పంపండి, ఆకు కనిపిస్తే మళ్లీ చూద్దాం.

రాయగడ నుంచి:
ఏలూరు జిల్లాలో జీలుగుమిల్లి అని ఊరుంది కదండీ. ఆ పేరులో ఉన్నది ఈ మూడింట్లో ఏ జీలుగు?

బరంపురం నుంచి:
చెరువు జీలుగా, కొండ జీలుగా అన్నది ఊరి పాత పల్లం, కొండ చూడకుండా చెప్పలేం బాబూ. ఆ చుట్టుపక్కలవాళ్లెవరైనా ఇక్కడ ఉంటే వాళ్లే చెప్పాలి. నారతేలిన జీలుగ మాటకొస్తే, కోసి చిన్న ముక్కలు చేసి దున్ని, మడిలో నీళ్లు నిలబెట్టి, నాట్లు పది రోజులు వెనక్కి పెట్టుకోండి.