"ఇప్పటిదాకా కనిష్ఠం" అనడం సరైనదేనా?

హన్మకొండ, డిగ్రీ లెక్చరర్: మా విద్యార్థుల్లో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లే. వాళ్ల దగ్గరున్న ప్రోగ్రామింగ్ నోట్స్‌లో ఒక మాట నన్ను ఇబ్బంది పెడుతోంది. లెక్క ఇది: 3, -2, 0, -4, 2, -5 అనే అర్రేలో పక్కపక్కనే ఉన్న సంఖ్యలను గుణిస్తే వచ్చే అతి పెద్ద లబ్ధం ఎంత? "రన్నింగ్ మినిమమ్"ను ఆ నోట్స్‌లో "ఇప్పటిదాకా కనిష్ఠం" అని రాశారు. అది చదివి ప్రోగ్రామ్ రాసిన అమ్మాయికి -4 దగ్గరే 24 వచ్చింది. అసలు జవాబు 40. తప్పు ఆ అమ్మాయిదా, ఆ మాటదా?

జమ్మికుంట, బీటెక్ విద్యార్థి: మేడం, 40 ఎట్ల? 3, 2, -4, -5 గుణిస్తే 120 వస్తుంది కదా. క్యాంపస్ ఇంటర్వ్యూలో నన్ను ఇదే అడిగితే ఇట్లనే చెప్పిన.

కాజీపేట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: తమ్ముడూ, నువ్వు చెప్పింది ఉపసమితి లెక్క. అందులో నచ్చిన సంఖ్యలు ఏరుకోవచ్చు. ఇక్కడ మధ్యలో దేన్నీ వదలకుండా ఒకే ముక్క తీసుకోవాలి. -4, 2, -5 ముక్కకు 40 వస్తుంది.

మేడం, తప్పు ఆ మాటదే. "ఇప్పటిదాకా" అంటే వెనక ఎక్కడ వచ్చిన కనిష్ఠమైనా దాచుకోవచ్చనే అర్థం వస్తుంది. 3, -2 లబ్ధం -6. ఆ అమ్మాయి దాన్ని సున్నా దాటించి తెచ్చి -4తో గుణించింది, 24 వచ్చింది. కానీ -6 ముక్కకూ -4కూ మధ్య సున్నా ఉంది, అవి రెండూ అతకవు. మనకు కావలసింది సరిగ్గా ఈ సంఖ్యతో ముగిసే ముక్కల్లో కనిష్ఠం. "ఇక్కడ ముగిసే కనిష్ఠం" అని రాయండి. "ఇప్పటిదాకా" అనే మాట చివరి జవాబుకు మాత్రమే సరిపోతుంది.

పరకాల, లెక్కల టీచర్: అసలు కనిష్ఠం ఎందుకు దాచాలో పిల్లలకు ముందు చెప్పాలి. ఋణ సంఖ్యతో గుణిస్తే పెద్దది చిన్నదవుతుంది, చిన్నది పెద్దదవుతుంది. ఇక సున్నా సంగతి తేలికే. అది వచ్చినప్పుడు రెండింటినీ 1 చేసి, ఆ సున్నాను వదిలేసి ముందుకు పోతే చాలు.

కాజీపేట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: మొదటి సగం బాగా చెప్పారు సార్. సున్నాను వదిలేస్తే మాత్రం -2, 0, -1 దగ్గర దెబ్బ తింటాం. అక్కడ సరైన జవాబు 0, మీ పద్ధతిలో -1 వస్తుంది. సున్నాకు విడిగా ఏమీ చేయనక్కర్లేదు. ప్రతి సంఖ్య దగ్గర మూడింటిని పోల్చాలి: ఆ సంఖ్య x ఒక్కటే, దాన్ని పాత గరిష్ఠం hiతో గుణించినది, పాత కనిష్ఠం loతో గుణించినది. ఇప్పటిదాకా వచ్చిన అతి పెద్ద లబ్ధం bestలో ఉంటుంది.

```
a, b = x * hi, x * lo
hi = max(x, a, b)
lo = min(x, a, b)
best = max(best, hi)
```

మేడం ఇచ్చిన అర్రేలో సున్నా దగ్గర hi, lo రెండూ 0 అవుతాయి. తర్వాత -4 వస్తే పోల్చేవి -4, 0, 0. కాబట్టి lo -4, hi 0. ఆ 0 కూడా నిజమైన ముక్కదే: "0, -4". తర్వాత 2 దగ్గర hi 2, lo -8. చివరి -5 దగ్గర ఆ -8 వల్లనే 40 వస్తుంది.

హన్మకొండ, డిగ్రీ లెక్చరర్: మొదటి వరుసలో a, b ముందే ఎందుకు లెక్కగట్టారు? నేరుగా hi మార్చేసి, తర్వాత lo మారిస్తే?

కాజీపేట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: అక్కడే చాలామంది పడిపోతారు. చివరి -5 దగ్గర hi ముందే 40 అయిపోతే, lo కోసం -5ను ఆ కొత్త 40తో గుణిస్తాం. lo -200 అవుతుంది, నిజానికి రావలసింది -10. ఈ అర్రేలో అది బయటపడదు, జవాబు 40 సరిగ్గానే వస్తుంది. చివర ఒక -1 చేర్చి చూడండి. తప్పు ప్రోగ్రామ్ 200 అంటుంది, సరైనది 40 దగ్గరే ఆగుతుంది. పరీక్షించేటప్పుడు ఆ -1 తప్పకుండా చేర్చండి.

ఇంకొకటి, hi, lo, best మూడూ మొదటి సంఖ్యతోనే మొదలుకావాలి, లూప్ రెండో సంఖ్య నుంచి నడవాలి. best 0తో మొదలైతే, -7 ఒక్కటే ఉన్న అర్రేకు 0 అని చెప్తుంది.

పరకాల, లెక్కల టీచర్: సున్నా విషయం ఒప్పుకుంటున్నాను. కానీ "ఇక్కడ ముగిసే కనిష్ఠం" అంటే కనిష్ఠమే ఇక్కడ ముగుస్తున్నట్టు వినిపిస్తోంది. ముగిసేది ముక్క కదా. "ఈ సంఖ్యతో ముగిసే ముక్కల కనిష్ఠ లబ్ధం" అంటేనే సరి.

కాజీపేట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: అర్థం సరే సార్, కానీ బోర్డు మీద ప్రతిసారీ అంత పొడుగు ఎట్ల రాస్తాం?

హన్మకొండ, డిగ్రీ లెక్చరర్: మొదటిసారి పరకాల సార్ మాట పూర్తిగా రాసి, తర్వాత lo అనే వాడతాను. "ముక్క" అనాలా, "వరుస ముక్క" అనాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. వట్టి "ముక్క" అంటే జమ్మికుంట తమ్ముడిలాగే ఏరుకోవచ్చని అనుకునేవాళ్లు క్లాసులో ఉంటారు.

జమ్మికుంట, బీటెక్ విద్యార్థి: "వరుస ముక్క" అని ఉంటే నేను 120 అనకపోయేవాణ్ణి మేడం.