ఏప్రిల్ 11 వార్షికోత్సవం: అనుమతులు, రిజిస్ట్రేషన్లు, పన్నులు

కార్యదర్శి: ఇంగ్లండ్‌లో మన సంఘం వార్షికోత్సవానికి 2026 ఏప్రిల్ 11 శనివారం కమ్యూనిటీ హాలు ఖాయమైంది. సుమారు 350 మంది వస్తారు. డాన్సులు, పాటలు, డిన్నర్. టికెట్‌లోనే ఒక గ్లాసు వైన్ కూడా ఇద్దామని కొందరన్నారు. ఏయే అనుమతులు కావాలో, ఎవరిని అడగాలో ఇక్కడే రాయండి.

వేదిక వాలంటీర్: వైన్ విడిగా అమ్మడం లేదు కదా, దానికి లైసెన్సు అక్కర్లేదు.

లైసెన్సుల బాధ్యులు: తమ్ముడూ, అది సరికాదు. టికెట్ డబ్బులో వైన్ కలిసి ఉంటే ఇంగ్లండ్‌లో అమ్మినట్టే లెక్క. ముందు వైన్ పెట్టాలా వద్దా అన్నది తేల్చండి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. వైన్ లేకపోతే, ఉదయం 8 నుంచి రాత్రి 11 లోపు, 500 మందికి మించకుండా జరిగే డాన్సులకు విడిగా లైసెన్సు అక్కర్లేదు. కమ్యూనిటీ హాలులో మైకు పాటలకూ అంతే, కాకపోతే హాలు కమిటీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వైన్ ఉంటే మాత్రం హాలుకు ఆల్కహాల్ లైసెన్సు ఉందా, అది మనకు వర్తిస్తుందా అని అడగాలి. లేదంటే ఆ ఒక్క ఈవెంట్ కోసం కౌన్సిల్‌కు టెంపరరీ ఈవెంట్ నోటీసు వేయాలి. ఫీజు 21 పౌండ్లు. వాలంటీర్లు, కళాకారులతో కలిపి ఒకే సమయంలో 499 మందికి మించి లోపల ఉండకూడదు.

వేదిక వాలంటీర్: ఆ నోటీసు పది పనిదినాల ముందు ఇవ్వాలట. శనివారం నుంచి వెనక్కి లెక్కపెడితే మార్చి 27 శుక్రవారం వచ్చింది.

లైసెన్సుల బాధ్యులు: రెండు సెలవులు వదిలేశావు. ఏప్రిల్ 3 గుడ్ ఫ్రైడే, 6 ఈస్టర్ మండే. కౌన్సిల్‌కు నోటీసు అందిన రోజు, ఈవెంట్ రోజు కూడా లెక్కలోకి రావు. అలా చూస్తే ఏప్రిల్ 10, 9, 8, 7, 2, 1, మార్చి 31, 30, 27, 26. ఇవీ పది. కాబట్టి మార్చి 25 బుధవారానికల్లా కౌన్సిల్‌కు అందాలి. 27న వేస్తే మధ్యలో మిగిలేవి ఎనిమిది పనిదినాలే, అది లేట్ నోటీసు అవుతుంది. దానికి పోలీసులు గానీ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్లు గానీ అభ్యంతరం చెబితే అక్కడితో సరి, మన వాదన వినే హియరింగ్ ఉండదు. మార్చి మొదటివారంలోనే వేసేద్దాం. ఆన్‌లైన్‌లో వేస్తే పోలీసులకు కాపీలు కౌన్సిలే పంపుతుంది. కాగితం మీద ఇస్తే మనమే పంపాలి, చాలామంది అక్కడే మర్చిపోతారు.

ఇంకోటి, ఒక్కో హాలుకు ఏడాదికి 15 నోటీసులే. ఈ ఏడాది ఎన్ని అయిపోయాయో మేనేజర్‌ని అడగండి.

వంట వాలంటీర్: నేను ఇంటి నుంచి వారం వారం టిఫిన్లు అమ్ముతున్నాను అక్కా, నాకూ ఈ నోటీసు కావాలా?

లైసెన్సుల బాధ్యులు: అది వేరే విషయం అమ్మా. వారం వారం అమ్ముతున్నావంటే ఫుడ్ బిజినెస్‌గా కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలి. మొదలుపెట్టడానికి 28 రోజుల ముందే చేసుకోవాల్సింది కాబట్టి ఇక ఆలస్యం చేయకు, ఫీజు ఏమీ లేదు. మన డిన్నర్‌కు కేటరర్‌ని పెడితే, ఆయన రిజిస్ట్రేషన్ ఏ కౌన్సిల్‌లో ఉందో అడిగి రాసుకుందాం.

రాఫిల్ బాధ్యులు: రాఫిల్, అదే లక్కీ డ్రా టికెట్లు ఇప్పటి నుంచే వాట్సాప్‌లో అమ్మేయమంటారా?

లైసెన్సుల బాధ్యులు: వద్దండి. ఈవెంట్ జరిగేటప్పుడు అక్కడే అమ్మితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వచ్చిన డబ్బు సొంత లాభానికి పోకూడదు, అందులోంచి బహుమతులకు 500, ఖర్చులకు 100 పౌండ్ల లోపే తీసుకోవచ్చు. ముందుగా అమ్మితే స్మాల్ సొసైటీ లాటరీగా కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయాలి. మొదటిసారి 40 పౌండ్లు, ఆపై ఏటా 20. డ్రా అయ్యాక లెక్కలు కూడా పంపాలి.

కోశాధికారి: పన్ను సంగతి. మనది లాభాపేక్ష లేని సంఘం కాబట్టి ఏ పన్నూ ఉండదనుకుంటున్నాను.

లైసెన్సుల బాధ్యులు: ఆ మాట మీద ఆగిపోవద్దు అన్నా. రిజిస్టర్ కాని క్లబ్బులకు, సంఘాలకు కూడా కార్పొరేషన్ టాక్స్ వర్తించవచ్చు. సభ్యులు కానివాళ్లకు అమ్మే టికెట్లు, స్టాళ్ల అద్దె, బ్యాంకు వడ్డీ, ఇవన్నీ విడివిడిగా రాసి పెట్టండి. వ్యాట్ పరిమితి 12 నెలల టర్నోవర్ 90,000 పౌండ్లు, మన టికెట్లు దాని దరిదాపుల్లోకి రావు.

కోశాధికారి: సభ్యులు వాళ్ల అతిథులకు కొనిచ్చే టికెట్లను ఏ ఖాతాలో వేయాలి? సగం టికెట్లు అవే.

లైసెన్సుల బాధ్యులు: అది నేను ఊహించి చెప్పను, పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీని రాతపూర్వకంగా అడగండి. కౌన్సిల్ విషయంలో కూడా అంతే. gov.uk లో హాలు పోస్ట్‌కోడ్ వేసి కౌన్సిల్ చూడండి, మన ఇంటి పోస్ట్‌కోడ్ కాదు. రెండు కౌన్సిళ్లు కనిపిస్తే లైసెన్సింగ్ పని డిస్ట్రిక్ట్ కౌన్సిల్ దగ్గర ఉంటుంది. ఫోన్‌లో చెప్పింది నమ్మకుండా తేదీ, వేళ, మందీ, వైన్ ఉందా లేదా రాసి ఈమెయిల్ పంపి, జవాబు డ్రైవ్‌లో పెట్టండి.

కార్యదర్శి: హాలు మేనేజర్‌కి ఈ రోజే రాస్తున్నాను. వైన్ మీద ఆదివారంలోగా ఓటు వేయండి.

వేదిక వాలంటీర్: మ్యూజిక్ లైసెన్సు హాలుకు ఉందంటున్నారు, బయట నుంచి అద్దెకు తీసుకున్నవాళ్లకూ అది వర్తిస్తుందో లేదో కూడా ఆ మెయిల్‌లోనే అడగండి.